అన్నం వీడియోలో ఎవరి ముఖం కనబడాలి?



ఏరియా ఆసుపత్రి గేటు బయట ప్రతి ఆదివారం మధ్యాహ్నం మన సంఘం పెడుతున్న భోజనం గురించి ఈమధ్య నా దగ్గరికి రెండు రకాల మాటలు వస్తున్నాయి. కువైట్‌లో, హైదరాబాద్‌లో పని చేసుకుంటూ నెలనెలా కానుక పంపే మన పిల్లలు "పాస్టర్ గారూ, ఒక్క వీడియో పెట్టండి, ఇక్కడి నుంచైనా చూసుకుంటాం" అంటున్నారు. ఊళ్లో ఉన్న పెద్దలు కొందరు "మత్తయి 6వ అధ్యాయం చదివినవాళ్లం, మనకు వీడియోలు ఎందుకండీ" అంటున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే నా అభిప్రాయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెద్దల మాట ముందు తీసుకుందాం. ధర్మం చేసేటప్పుడు మనుషులు చూడాలని చేయవద్దని ప్రభువు చెప్పిన మాట మనకు కొత్త కాదు. కానీ అదే కొత్త నిబంధనలో పౌలు యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు ఏం చేశాడో 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో చూడండి. ఆ డబ్బు తాను ఒక్కడే పట్టుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. అంత పెద్ద మొత్తం విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకూడదని, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని జాగ్రత్తపడ్డాడు. అంటే గొప్ప కోసం చూపించడం వేరు, లెక్క అప్పగించడం వేరు. కువైట్‌లో ఒకరి ఇంట్లో వంటపని చేసి, ఆ జీతంలోంచి కానుక పంపే చెల్లెలికి ఆ కానుక ఏమైందో తెలుసుకునే హక్కు ఉంది. ఆ లెక్క చెప్పే వీడియో తీయవచ్చని నేను అనుకుంటున్నాను.

అయితే ఆ చెల్లెలికి ఉన్న హక్కు బియ్యం మీద, పప్పు మీద, ఖర్చు మీద. తిన్న మనిషి ముఖం మీద ఆమెకు ఏ హక్కూ లేదు. నాకూ లేదు, మీకూ లేదు.

మన దగ్గరికి భోజనానికి వచ్చేవాళ్లు ఎవరో ఒకసారి గుర్తుచేసుకోండి. ఎక్కువమంది రోగుల వెంట వచ్చిన బంధువులు. రెండెకరాల రైతు ఉంటాడు, భార్యకు ఆపరేషన్ అయి పది రోజులుగా వరండాలో పడుకుంటున్నాడు. తెచ్చుకున్న డబ్బు బయట పరీక్షలకు, మందులకు అయిపోయింది. ఊళ్లో ఆయన ఇంట్లో పెళ్లి జరిగితే మూడొందల మందికి భోజనం పెట్టిన మనిషి. ఈరోజు మన ప్లేటు పట్టుకున్నాడు, అంతే. ఆ వీడియో ఆయన వియ్యంకుడి ఫోనులోకి వెళ్లిందనుకోండి. కూతురు అత్తగారింట్లో ఆ రాత్రి ఏ మాట పడుతుందో మన ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. అందుకే ఏ వీడియో అయినా సంఘం గ్రూపులో పెట్టే ముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది: ఇందులో కనిపించే మనిషి వియ్యంకుడు దీన్ని చూస్తే ఏమవుతుంది?

కొందరు యౌవనస్థులు "ముఖం మసకగా చేసేస్తాం పాస్టర్ గారూ" అన్నారు. అది సరిపోదు. ముఖం తెలియని మనిషికి మసక అడ్డం గానీ, తెలిసినవాళ్లకు కాదు. చీర, నడక, చేతి కర్ర, గొంతు, భుజాన వేసుకున్న సంచి చూసి ఊరివాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పైగా ముఖం మసకచేస్తే మనం అన్నం తిన్నవాణ్ని టీవీ వార్తల్లో దొంగను చూపించినట్టు చూపించినట్టవుతుంది. ఆసుపత్రి దగ్గర మరొక ప్రమాదం కూడా ఉంది. మనిషి వెనకాల ఏ బోర్డు కనబడుతుందో కెమెరా పట్టుకున్నవాళ్లు చూసుకోరు. టీబీ విభాగం బోర్డో, ఏఆర్‌టీ కేంద్రం బోర్డో వెనక ఉంటే ఆ కుటుంబం జబ్బును మనమే ఊరంతా చాటినట్టు. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరం వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. పిల్లల విషయమూ అంతే. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు మాధ్యమాల్లో బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే మన వీడియోలో పిల్లల ముఖాలు అసలే వద్దు. వాళ్లు ఎంత ముద్దుగా నవ్వినా వద్దు.

"అడిగి తీద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు అడుగుతాం? వరుసలో నిలబడి, ప్లేటు చేతిలో పట్టుకుని, గరిటె తన వైపు వస్తున్నప్పుడు "అన్నా, వీడియో తీసుకోవచ్చా" అంటే ఆకలితో ఉన్న మనిషి ఏమంటాడు? వద్దంటే అన్నం పెట్టరేమో అనుకుంటాడు. ఆ తల ఊపడాన్ని నేను ఒప్పుకోలు అనను. నిజంగా అడగాలంటే భోజనం అయ్యాక, చేయి కడుక్కున్నాక, వడ్డించని మనిషి వెళ్లి అడగాలి. తీసింది ఆయనకే చూపించాలి. వద్దంటే ఆయన ముందే తీసేయాలి. ఇంత జాగ్రత్త పడినా, ఆ మనిషిని మన సంఘం గురించి పొగడమని, తన కష్టం చెప్పుకోమని అడగకూడదు. వంట ఎలా ఉందని అడగండి. ఆమధ్య ఒక పెద్దాయన "సాంబారులో చింతపండు ఎక్కువైందయ్యా, ఇంత పుల్లగా మా పెద్దావిడకు పడదు" అన్నాడు. అది వీడియోలో ఉంటే నాకు సంతోషమే. వంకపెట్టే స్వాతంత్ర్యం ఉన్నవాడు అతిథి. పొగడక తప్పనివాడి పరిస్థితి వేరు.

2020 లాక్‌డౌన్ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక్క అన్నం పొట్లాన్ని ఆరు చేతులు పట్టుకుని కెమెరా వైపు చూసిన ఫోటోలు ఆ రోజుల్లో ఎన్నో వచ్చాయి. రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా అధికారులు అన్నం పంచేటప్పుడు ఫోటోలు, సెల్ఫీలు తీయవద్దని ఉత్తర్వే ఇవ్వవలసి వచ్చింది. మన కోనసీమలో అంతకు వందేళ్ల పైమాట ఒకటుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు జీవితమంతా దారిన వచ్చినవారికి, అర్ధరాత్రి వచ్చినా, అన్నం పెట్టారు. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంలో ఆమె ఫోటో కావాలని దొరలు వస్తే ఆమె ముందు ఒప్పుకోలేదని, పంపకపోతే అధికారి ఉద్యోగానికి ఇబ్బంది అంటే అప్పుడు ఒప్పుకున్నారని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గమనించండి, ఆ కథలో ఫోటో అడిగింది పెట్టిన మనిషిది. తిన్నవాళ్లను వరుసలో నిలబెట్టి తీయాలని ఎవరికీ తోచలేదు. ఆమె మన విశ్వాసానికి చెందినవారు కారు. అయినా ఈ విషయంలో ఆమె దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

మరి ఏం తీయాలి? నా మాట ఏమిటంటే, కెమెరాను వరుస వైపు నుంచి పొయ్యి వైపు తిప్పండి. సేవ జరిగేది అక్కడ. పదిహేను సెకన్లలో గరిటెతో వేసే అన్నం వెనక ఆరు గంటల పని ఉంది, అది ఎవరూ చూడరు.

ఒక ఆదివారం లెక్క తీసుకుని చెబుతాను. 150 మందికి అని మొదలుపెట్టాం. బియ్యం 18 కిలోలు, సాంబారుకు కందిపప్పు 3 కిలోలు, కూరగాయలు 6 కిలోలు, గుడ్లు 5 అట్టలు. అట్టకు ముప్పై కాబట్టి 150 గుడ్లు. ప్లేట్లు యాభై లెక్కన మూడు కట్టలు. గ్యాసు, నూనె, చింతపండు, మసాలాతో కలిపి మొత్తం 4,080 రూపాయలు. ఇది తొంభై సెకన్ల వీడియోగా ఎలా అవుతుందో చూడండి.

మొదటి ఇరవై సెకన్లు కాటా మీద బియ్యం, బల్ల మీద ఐదు గుడ్ల అట్టలు, మూడు ప్లేట్ల కట్టలు. కాటా మీద అంకె కనబడాలి. తర్వాత ఇరవై ఐదు సెకన్లు వంట: స్త్రీల సమాజం అమ్మలు కూరగాయలు కోయడం, బియ్యం కడగడం, గంజి వార్చడం, పోపు వేయడం. ఇక్కడ ముఖాలు కనబడవచ్చు, ఎందుకంటే వాళ్లు మనవాళ్లు, ఇష్టపడి ఉన్నవాళ్లు. ఆ తర్వాత పదిహేను సెకన్లు డేగిసాలు ఆటోలో ఎక్కించడం, చెట్టు కింద బల్ల వేయడం, నీళ్ల క్యాన్లు దించడం. ఇంకో పదిహేను సెకన్లు వడ్డన. చివర ఏడు సెకన్లు ఖాళీ డేగిసా తోముతూ ఉండగా. మిగిలిన ఎనిమిది సెకన్లు లెక్క రాసిన అట్ట.

వడ్డన తీసే పదిహేను సెకన్ల దగ్గరే పొరపాట్లు జరుగుతాయి కాబట్టి అది కాస్త విడమరచి చెబుతాను. చేతిలో పట్టుకున్న ఫోను మనకు తెలియకుండానే పైకి, ముఖం వైపుకు లేస్తుంది. మనిషిని చూస్తే కళ్లలోకి చూడటం మన సహజం, చేయి కన్నును అనుసరిస్తుంది. అందుకని ఫోనును స్టాండు మీద పెట్టండి. వడ్డించేవారి పక్కన, బల్లకు జానెడు పైన, కిందికి వంచి పెట్టండి. వరుస మొదలుకాక ముందే మన తమ్ముడొకణ్ని ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడమని, తెర మీద గరిటె, ప్లేటు, మణికట్టు వరకే కనబడుతున్నాయో లేదో చూడండి. పొడుగువాళ్లు, పొట్టివాళ్లు ఇద్దరితోనూ చూడండి. సరిపోయాక నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఇక స్టాండును ముట్టుకోవద్దు. ఇందులో మరొక మేలు ఉంది. వీడియో తీసే తమ్ముడు కూడా వచ్చి నీళ్లు అందించవచ్చు. కెమెరా వెనక నిలబడి మనుషులను చూసేవాడు ఒక్కడూ ఉండడు.

వరుస దగ్గర రికార్డయిన శబ్దం వాడవద్దు. "ఏ వార్డు పెద్దమ్మా", "మీ ఆయనకు ఎట్లా ఉంది" అని మనవాళ్లు ప్రేమగానే అడుగుతారు, జవాబు కూడా అందులో పడుతుంది. ఆ చోట శబ్దం తీసేసి, వంటింటి చప్పుడు, పోపు చిటపటలు వేయండి. అది చాలు. ఏడుపు వయొలిన్ అవసరం లేదు.

ఆ ఆదివారం చివరి అట్ట మీద ఏం రాయాలి? మూడు కట్టల్లో ఏడు ప్లేట్లు మిగిలాయి, అంటే 143 మంది తిన్నారు. మళ్లీ పెట్టించుకున్నవాళ్లు అదే ప్లేటులో పెట్టించుకున్నారు కాబట్టి ప్లేట్ల లెక్క మనుషుల లెక్కే. ఖర్చు 4,080 రూపాయలు, మనిషికి దాదాపు 28 రూపాయల 50 పైసలు. ఇది రాసి, కింద ఒక్క వాక్యం రాయండి: వచ్చే ఆదివారం తెల్లవారుజామున కూరగాయలు కోయడానికి ఇద్దరు కావాలి. డబ్బు అడగవద్దు. ఖాతా నంబరు గానీ క్యూఆర్ కోడ్ గానీ పెట్టవద్దు. వీడియో ఎక్కడెక్కడికి పోతుందో మనకు తెలియదు. విదేశీ పౌరసత్వం ఉన్నవారెవరైనా చూసి జాలిపడి డబ్బు పంపితే, ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేని మనలాంటి చిన్న సంఘం అది తీసుకోకూడదు. కువైట్‌లోని మన పిల్లలు భారత పౌరులు, తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు ద్వారా పంపేది వేరు సంగతి. వాళ్లకు ఖాతా నంబరు ముందే తెలుసు.

ప్రకటనలా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. శబ్దం తీసేసి వీడియో చూడండి, గడియారం పెట్టుకుని ఎవరి ముఖం ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెట్టండి. అందరికంటే ఎక్కువ పాస్టరు ముఖం ఉంటే అది పాస్టరు గురించిన వీడియో. సంఘం పేరున్న ఫ్లెక్సీ అన్నిటికంటే ఎక్కువసేపు ఉంటే అది ఫ్లెక్సీ గురించిన వీడియో. గుర్తుంచుకోండి, ఆసుపత్రి గేటు దగ్గర మనం ఫ్లెక్సీ కడితే తినేవాళ్లంతా దాని కింద కూర్చోవలసి వస్తుంది. ఆ ఫ్లెక్సీని మన దగ్గర కట్టవద్దని నేను అడుగుతున్నాను. ఎవరు పెడుతున్నారని అడిగినవాళ్లకు నోటితో చెబుదాం.

మాటల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన తెలుగులో అన్నానికి ఎన్ని క్రియలున్నాయో చూడండి. బిచ్చం వేస్తాం, పొట్లాలు పంచుతాం, పెళ్లిలో వడ్డిస్తాం, ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెడతాం. వీడియో వెనక వినిపించే మాటల్లో "అభాగ్యులకు ఆహారం పంచాం" అంటే చూసేవాడి మనసులో ఒక బొమ్మ పడుతుంది. "143 మందికి వడ్డించాం" అంటే వేరే బొమ్మ. అభాగ్యులు, అన్నార్తులు, నిరుపేదలు అనే మాటలు మానేయండి. రోగుల బంధువులు, భోజనానికి వచ్చినవారు అంటే సరిపోతుంది. బోయజు తన కోతవాళ్లతో ఏం చెప్పాడో రూతు 2వ అధ్యాయంలో ఉంది. పనల్లోంచి కొన్ని పరకలు కావాలనే జారవిడవమన్నాడు, ఏరుకునే ఆమెను ఒక్క మాట అనవద్దన్నాడు. ఆమె ఏరుకున్నట్టే ఉండాలి, అడుక్కున్నట్టు ఉండకూడదు. ఆ జాగ్రత్త మన గరిటెకూ కావాలి, మన ఫోనుకూ కావాలి.

ఇక అసలు ప్రమాదం పూర్తి చేసిన వీడియోలో ఉండదు. తీసి పక్కన పడేసిన ముక్కల్లో ఉంటుంది. వడ్డించడానికి వచ్చిన పదిమంది దగ్గరా పది ఫోన్లు ఉంటాయి. సాయంత్రానికి ఒకరి వాట్సాప్ స్టేటస్‌లో ఒక ముసలమ్మ అన్నం కలుపుకుంటూ కనబడుతుంది. అందుకే ఒకే ఒక్క ఫోను, అది కూడా స్టాండు మీదది. మిగతావి సంచిలో. వీడియో పూర్తయ్యాక మిగిలిన ముక్కలు ఆ ఫోనులోంచి, చెత్తబుట్టలోంచి, గూగుల్ ఫోటోస్‌లో దానంతట అదే దాచుకున్న చోటు నుంచి కూడా తీసేయాలి. ఈ పని అయిందని ఒక సంఘపెద్ద చూసుకోవాలి.

"ముఖాలు లేకపోతే ఎవరూ కదలరు పాస్టర్ గారూ, కానుకలు తగ్గుతాయి" అని మీలో కొందరు అంటారు. కన్నీళ్ల ముఖం చూస్తే చేయి త్వరగా జేబులోకి పోతుందన్నది నిజమే, కాదనను. తగ్గితే 150 ప్లేట్లు 120 చేసుకుందాం. ఒక మనిషి అవమానం ఖరీదుతో ఇంకో ముప్పైమందికి అన్నం పెట్టే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. కొరింథు సంఘం భోజనాల దగ్గర లేనివాళ్లు సిగ్గుపడేలా చేసినందుకు పౌలు ఎంత గట్టిగా గద్దించాడో 1 కొరింథీయులకు 11వ అధ్యాయం చదవండి. అక్కడ భోజనం లేకపోవడం ఒక్కటే తప్పు కాదు, లేనివాణ్ని సిగ్గుపరచడం కూడా తప్పుగానే లెక్కపెట్టాడు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఏ వీడియో అయినా నిజాయితీకి రుజువు కాదు. కాటా మీద బియ్యం చూపించి తర్వాత సగం ఇంటికి తీసుకుపోవచ్చు. అందుకని కిరాణా కొట్టు బిల్లు, గుడ్ల బిల్లు, ప్లేట్ల లెక్క రాసిన పుస్తకం ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత బల్ల మీద ఉంటాయి. ఎవరైనా తిరగేయవచ్చు. దూరాన ఉన్నవాళ్లకు ఆ పేజీ ఫోటో వస్తుంది. నమ్మకం ఆ పుస్తకం మీద నిలబడాలి. వీడియో దూరాన ఉన్న బిడ్డకు ఇంటి పొగ వాసన అందించడానికి, అంతవరకే.

కాబట్టి వచ్చే నెల నుంచి వీడియో వస్తుంది. అందులో మీ అమ్మ చేయి కనబడవచ్చు, మీ పెద్దమ్మ పోపు వేస్తూ దగ్గడం వినబడవచ్చు, చివర ఖాళీ డేగిసా కనబడుతుంది. తిన్నవాళ్లు కనబడరు. వాళ్లు భోజనం చేసి, చేయి కడుక్కుని, తమ రోగి దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు. వారి పేర్లు ప్రభువుకు తెలుసు, మీ ప్రార్థనలో వారిని జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక. ఆమేన్.